చిన్న బేకరీలో ధర లెక్క: బిల్లుల నుండి మార్కప్ వరకు
(వార్డు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి వచ్చినవారిలో ఎక్కువమంది తినుబండారాల దుకాణాలు నడుపుకుంటున్నవారే. బెంగళూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలవారూ ఉన్నారు, పదేళ్ళ క్రితం చిత్తూరు, అనంతపురం జిల్లాల నుండి వచ్చి బేకరీ పెట్టుకున్నవారూ ఉన్నారు. నేను చిన్న దుకాణాల లెక్కలు వ్రాసిపెట్టే వృత్తిలో ఉన్నవాడిని. సరుకు మీద ఎంత శాతం వేసుకుంటే చివరకు ఎంత శాతం మిగులుతుందన్న ఒక్క ప్రశ్నకే ఈనాటి ప్రసంగాన్ని పరిమితం చేస్తాను. దీనికి ఒక బేకరీ లెక్కనే ఉదాహరణగా తీసుకుంటాను. ఆ దుకాణం పేరు చెప్పను. లెక్క సులభంగా అర్థం కావడానికి అంకెలను కొంత గుండ్రం చేశాను.

ఆ బేకరీ ఒక లేఅవుట్ మూలమీద ఉన్నది. యజమాని, ఆయన భార్య, ఒక ఓవెన్ మాస్టరు, ఒక సహాయకుడు పనిచేస్తారు. బ్రెడ్డు, బన్ను, పఫ్, ఖారా బిస్కట్లు, రస్కు, కొద్దిగా కేకులు చేస్తారు. నెలకు సుమారు 3,00,000 రూపాయల అమ్మకం. యజమాని పద్ధతి చాలామంది అనుసరించేదే: వస్తువు తయారీకి పట్టిన సరుకు ఖర్చుకు రెట్టింపు ధర పెట్టడం. 15 రూపాయల సరుకు పట్టిన బ్రెడ్డును 30 రూపాయలకు అమ్ముతాడు. అంటే మార్కప్ నూటికి నూరు.

ఆయన నా వద్దకు వచ్చినప్పుడు రెండు నిర్ణయాలు ఆయన ముందున్నాయి. మొదటిది, పదకొండు నెలల అద్దె ఒప్పందం ముగియవస్తున్నది. ఇంటి యజమాని అద్దెను 25,000 నుండి 27,500కు పెంచుతానన్నాడు. సంతకం పెట్టాలా, దుకాణం మార్చాలా అన్నది తేలలేదు. రెండవది ఇంకా కష్టమైనది. "సార్, నా లెక్క ప్రకారం నెలకు ముప్పైవేలు మిగలాలి. పదిహేడు వేలు కూడా మిగలడం లేదు. ఆ పిల్లవాడు కౌంటరులో డబ్బు తీస్తున్నాడేమోనని నా అనుమానం. వచ్చే నెల వాడిని మాన్పించేస్తాను" అన్నాడు. ఆ సహాయకుడు నాలుగేళ్ళుగా ఆ ఇంట్లోనే అన్నం తింటున్న కుర్రవాడు.

కనుక మేము ముందుగా తేల్చవలసి వచ్చినది ఆ పదమూడు వేలు ఎక్కడికి పోతున్నాయన్నదే.

ముందు రెండు మాటల మధ్య తేడాను స్పష్టం చేసుకుందాం. మార్కప్ అంటే సరుకు ఖర్చు మీద మనం వేసే శాతం. మార్జిన్ అంటే అమ్మిన ధరలో మనకు మిగిలే శాతం. 15 రూపాయల బ్రెడ్డును 30కి అమ్మితే వేసినది 15. ఆ 15ను ఖర్చుతో పోల్చితే నూరు శాతం. అదే 15ను అమ్మకపు ధరతో పోల్చితే యాభై శాతం. రూపాయలు అవే, పోల్చే ఆధారం వేరు. అద్దె, జీతం, కరెంటు బిల్లు అన్నీ అమ్మకపు డబ్బులోంచి చెల్లిస్తాం. అందుచేత వాటిని అమ్మకంతోనే పోల్చాలి, మిగులును కూడా అమ్మకంతోనే పోల్చాలి. మార్కప్ అన్నది ఆ లెక్కంతా పూర్తయ్యాక చివరన తేలవలసిన అంకె. చాలామంది దానిని మొదటనే నిర్ణయించుకుని, మిగిలినదే లాభమనుకుంటారు.

ఇక బిల్లుల విషయం. ఆ బేకరీ పై ఖర్చులు ఒక నెలకు ఈ విధంగా తేలాయి:

దుకాణం అద్దె: 25,000
మాస్టరు, సహాయకుల జీతాలు: 40,000
యజమాని దంపతుల శ్రమకు: 25,000
కరెంటు: 9,000
గ్యాస్: 9,000
ఏడాదికొకసారి వచ్చే ఖర్చుల నెలసరి వాటా: 2,000
ఓవెన్, మిక్సర్ల అరుగుదల: 5,000
నీరు, ఫోను, శుభ్రత, రవాణా: 5,000
మొత్తం: 1,20,000

ఈ పట్టికలో మూడు పద్దుల గురించి వివరించాలి. యజమాని దంపతుల శ్రమకు 25,000 వ్రాయడం చూసి కొందరు ఆశ్చర్యపడవచ్చు. మీరు ఒక నెల ఊరికి వెళితే ఆ పనికి మరొకరిని పెట్టాలి కదా! అప్పుడు ఇచ్చే జీతమే ఇక్కడ వ్రాయవలసిన అంకె. దానిని వ్రాయకపోతే మన కూలిని మనమే లాభమని పిలుచుకున్నట్లవుతుంది. ఈ విషయంలో ఆ యజమాని జాగ్రత్తపరుడు, ముందే వ్రాసుకున్నాడు. రెండవది, లైసెన్సు రుసుము, కాటా ముద్ర, పురుగుల మందు, ఓవెన్ మరమ్మతు వంటివి ఏడాదిలో ఏదో ఒక నెలలో వస్తాయి. అన్నీ కలిపి 24,000 అయితే, పన్నెండుతో భాగించి ప్రతినెలా 2,000 వ్రాయాలి. మూడవది అరుగుదల. 3,60,000 పెట్టి కొన్న యంత్రాలు ఆరేళ్ళు పనిచేస్తాయనుకుంటే నెలకు 5,000. ఈ పద్దుకు బిల్లు రాదు, అందుకే చాలామంది లెక్కలలో కనబడదు. ఓవెన్ చెడిపోయిన రోజున ఒక్కసారిగా కనబడుతుంది.

చేర్చకూడనివి కూడా ఉన్నాయి. దుకాణానికి ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు కాదు, ఖాళీ చేసినప్పుడు తిరిగి రావలసిన సొమ్ము. అప్పు కంతులో వడ్డీ భాగం ఖర్చు, అసలు భాగం ఖర్చు కాదు. ఈ దుకాణానికి అప్పు లేదు కనుక ఆ పద్దే లేదు. కిరాణా బిల్లులో ఇంటికి తీసుకువెళ్ళిన బియ్యం, పప్పు ఉంటే వాటిని కొట్టివేయాలి. కరెంటు బిల్లు విషయంలో తేదీలు చూడాలి. ఈ నెల చేతికి వచ్చిన బిల్లు గత నెలలో వాడిన కరెంటుది. ఏ నెల అమ్మకంతో పోలుస్తున్నామో ఆ నెల వాడకమే వ్రాయాలి. పండుగ నెల కేకులకు కాలిన కరెంటును తరువాతి మందకొడి నెలకు అంటగడితే రెండు నెలల లెక్కలూ తప్పుతాయి.

1,20,000 పై ఖర్చును 3,00,000 అమ్మకంతో పోల్చితే నూటికి 40. యజమాని కోరుకునేది నూటికి 10 మిగులు. నూరులోంచి 40, 10 తీసివేస్తే 50 మిగులుతుంది. అంటే సరుకుకు అమ్మకంలో సగం మించి పోకూడదు. రెట్టింపు ధర పెడితే సరుకు సరిగ్గా సగమే అవుతుంది కదా! కనుక ఆయన లెక్క పైకి నిర్దోషంగానే కనబడింది. నెలకు ముప్పైవేలు మిగలాలనడంలో తప్పులేదు. తప్పు వేరొకచోట ఉన్నది.

సరుకు ఖర్చును ఆయన అమ్మిన వస్తువులను బట్టి లెక్కించాడు. సరుకు పట్టేది మాత్రం కాల్చిన వస్తువులన్నిటికీ. అమ్మిన వాటికీ కాల్చిన వాటికీ మధ్య ఉన్న తేడాయే వృథా.

దీనిని బిల్లుల నుండి కనుక్కునే మార్గం ఇది. నెల మొదటి రోజు ఉదయం మైదా, చక్కెర, వనస్పతి, ఈస్ట్, కవర్లు మొదలైన నిల్వనంతా తూచి, కొన్న ధరకు విలువ కట్టాలి. నెల చివరి రాత్రి మళ్ళీ అలాగే చేయాలి. ఆ బేకరీలో మొదటి నిల్వ 42,000. నెలలో కొన్న బిల్లుల మొత్తం 1,71,000. చివరి నిల్వ 50,000. మొదటి నిల్వకు కొనుగోళ్ళు కలిపి చివరి నిల్వ తీసివేస్తే, నిజంగా వాడినది 1,63,000. కొన్న బిల్లుల మొత్తాన్నే ఖర్చుగా తీసుకుంటే మరో 8,000 అనవసరంగా నెత్తిన వేసుకున్నట్లయ్యేది. ఆ 8,000 సరుకు బస్తాల రూపంలో గోడౌనులోనే ఉన్నది.

అమ్మిన 3,00,000 విలువగల వస్తువులకు ఆయన కొలతల ప్రకారం పట్టవలసిన సరుకు 1,50,000. వాడినది 1,63,000. తేడా 13,000. ఆయన వెతుకుతున్న పదమూడు వేలు సరిగ్గా ఇవే. కౌంటరులో డబ్బు పోయి ఉంటే అమ్మకం అంకె తగ్గేది. అప్పుడు కూడా వాడిన సరుకుకూ వచ్చిన అమ్మకానికీ పొంతన కుదరదు. కనుక ఇంతమాత్రంతో ఆ కుర్రవాడు నిర్దోషి అని చెప్పలేం. సరుకు ఎక్కడ పోయిందో చూపించగలిగితేనే చెప్పగలం.

13,000ను 1,63,000తో పోల్చితే నూటికి 8. వాడిన ప్రతి నూరు రూపాయల సరుకులో 8 రూపాయలది అమ్మకానికి చేరలేదు. యజమాని భార్య ఆ నెలంతా ఒక పుస్తకంలో మాడినవి, విరిగినవి, రాత్రికి మిగిలి పారేసినవి లెక్కపెట్టి వ్రాసింది. ఆ పుస్తకం ప్రకారం వృథా నూటికి 5 మాత్రమే. నిల్వ లెక్క 8 చూపుతున్నది, కంటికి కనిపించే లెక్క 5 చూపుతున్నది. మధ్యలో ఉన్న 3 ఎవరి కంటికీ కనిపించనిది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ లెక్కలో అత్యంత ముఖ్యమైన పని. ఒక్క పుస్తకాన్నే నమ్మితే వృథా తక్కువనిపిస్తుంది. ఒక్క నిల్వ లెక్కనే చూస్తే నష్టం తెలుస్తుంది గాని కారణం తెలియదు.

కారణం తెలుసుకోవడానికి మేము ఒక ఉదయం ఓవెన్ వద్ద నిలబడ్డాం. 10 కిలోల మైదాకు 6 లీటర్ల నీరు, 600 గ్రాముల చక్కెర, 300 గ్రాముల వనస్పతి, 200 గ్రాముల ఈస్ట్, 200 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల పాలపొడి. అంతా కలిపి 17 కిలోల 400 గ్రాములు. గిన్నెకు, బల్లకు అంటుకునేది, పులిసేటప్పుడు తగ్గేది పోగా ముక్కలు కోసే సమయానికి సుమారు 16 కిలోల 950 గ్రాముల ముద్ద చేతిలో ఉంటుంది. 400 గ్రాముల బ్రెడ్డు కావాలంటే ముద్దను 455 గ్రాములకు కోయాలి. కాలేటప్పుడు నీరు ఆవిరై నూటికి 12 వంతులు బరువు తగ్గుతుంది. ఇది వృథా కాదు, తయారీలో భాగమే. ఆ కొలతతో 37 బ్రెడ్లు రావాలి.

ఆ రోజు ట్రేలలో లెక్కపెడితే 36 మాత్రమే వచ్చాయి. ముద్దలను ఒక్కొక్కటిగా కాటా మీద పెట్టి చూశాం. చాలావరకు 470 గ్రాములు తూగాయి. మాస్టరు అనుభవజ్ఞుడే. అనుభవం మీది నమ్మకంతోనే కాటా వాడకుండా చేతి అంచనాతో కోస్తున్నాడు. బరువు తక్కువైతే కొన్నవారు ఫిర్యాదు చేస్తారన్న భయంతో చేయి కాస్త ఉదారంగా పడుతున్నది. ప్రతి ముద్దలో 15 గ్రాములు అదనం. 455 మీద 15 అంటే నూటికి 3.3. బన్నుల ముద్దలలోనూ దాదాపు అదే తేడా కనిపించింది. నిల్వ లెక్కకూ పుస్తకానికీ మధ్య కనిపించని 3 శాతం ఇదే. ఆ డబ్బు కౌంటరులోంచి పోలేదు, ప్రతి కవరులోనూ కొన్నవారికి ఉచితంగా అందింది. ఆ కుర్రవాడి ప్రస్తావన మళ్ళీ రాలేదు.

మీ బేకరీలో ఇదే జరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి పెద్ద లెక్క అవసరం లేదు. పది కిలోల మైదాకు ఎన్ని రావాలో గోడ మీద వ్రాసి, ప్రతిరోజూ ఎన్ని వచ్చాయో దాని పక్కన వ్రాయండి. వారంలో నాలుగు రోజులు ఒకటి తక్కువ వస్తుంటే ముద్ద బరువు పెరిగిందని అర్థం. ఒక రోజు అయిదారు తక్కువ వస్తే అది వేరే సంగతి. ముద్ద పారపోసి ఉండవచ్చు, లేదా ఈస్ట్ పనిచేయక ఒక ట్రే పనికిరాకుండా పోయి ఉండవచ్చు.

ఇప్పుడు ధర లెక్కకు వద్దాం. ముందు వస్తువు సరుకు ఖర్చును బిల్లుల నుండి తేల్చాలి. 50 కిలోల మైదా బస్తా 1,900 అయితే కిలో 38, పది కిలోలు 380. చక్కెర 27, వనస్పతి 48, ఈస్ట్ 30, ఉప్పు 4, పాలపొడి 31. మొత్తం 520. దీనిని 37తో భాగిస్తే 14 రూపాయల 5 పైసలు. కవరుకు 95 పైసలు. వెరసి 15 రూపాయలు.

దీని మీద శాతాలను వేసే పద్ధతిలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పై ఖర్చు 40, మిగులు 10, వృథా 8, మొత్తం 58 శాతం అని కూడి, 15 మీద 58 శాతం వేసి 23 రూపాయల 70 పైసలు అంటారు. ఆ ధరకు అమ్మితే దుకాణం కొద్ది నెలలలోనే మూతపడుతుంది. 40, 10 అన్నవి అమ్మకపు ధరలో శాతాలు, 15 మీద శాతాలు కావు. వృథా 8 అన్నది కాల్చిన సరుకులో శాతం. మూడింటి ఆధారాలు ఒకటి కానప్పుడు వాటిని కూడడానికి వీలులేదు.

సరైన మార్గం రెండు భాగహారాలు. మొదటిది వృథాకు. నూరు బ్రెడ్లు కాల్చితే 92 అమ్ముడవుతాయి. నూరింటి ఖర్చును ఆ 92 మోయాలి. కనుక 15ను 0.92తో భాగించాలి: 16 రూపాయల 30 పైసలు. అమ్ముడయ్యే ఒక్కొక్క బ్రెడ్డు అసలు సరుకు ఖర్చు ఇది. రెండవది పై ఖర్చుకూ మిగులుకూ. అమ్మకపు ధరలో సరుకుకు దక్కేది సగమే గనుక 16.30ను 0.50తో భాగించాలి: 32 రూపాయల 60 పైసలు. 15 నుండి 32.60కి పెంపు 17.60. అది 15 మీద నూటికి 117. పది శాతం మిగలాలంటే వేయవలసిన మార్కప్ నూరు కాదు, 117.

దీనిని ఒక్క వాక్యంలో వ్రాసుకోవచ్చు:

అమ్మకపు ధర = సరుకు ఖర్చు ÷ (అమ్ముడయ్యే వంతు × సరుకుకు దక్కే వంతు)

నూరు మార్కప్‌తో అమ్మినప్పుడు ఏమి జరిగిందో కూడా చూడండి. 3,00,000 అమ్మకంలోంచి 1,63,000 సరుకు, 1,20,000 పై ఖర్చు పోతే 17,000. అంటే నూటికి 5.7 కన్నా తక్కువ. వృథా 8 శాతమే అయినా లాభంలో దాదాపు 43 శాతం తినివేసింది. వృథా చిన్న అంకె అనుకోవడానికి కారణం దానిని అమ్మకంతో పోల్చడమే. లాభంతో పోల్చి చూస్తే దాని అసలు స్వరూపం తెలుస్తుంది.

ఇప్పుడు ఆ యజమాని మొదటి నిర్ణయం, అద్దె. 27,500కు ఒప్పుకుంటే పై ఖర్చు 1,22,500 అవుతుంది. అమ్మకంలో నూటికి 40.8. పది మిగులు తీసివేస్తే సరుకుకు దక్కేది 49.2. ముద్దను కాటా మీద తూచి కోస్తే వృథా 8 నుండి 5కు దిగుతుంది. అప్పుడు 15ను 0.95తో, తరువాత 0.492తో భాగిస్తే 32 రూపాయల 10 పైసలు. అద్దె పెరిగినా, కాటా వాడకం వలన అవసరమైన ధర ముందటి 32.60 కన్నా తగ్గింది. ఆయన బ్రెడ్డు ధరను 32 రూపాయలు చేయవచ్చునన్నాను. మిగతా వస్తువులనూ దాదాపు అదే పాళ్ళలో సవరించాలన్నాను.

ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది: "రెండు రూపాయలు పెంచితే గిరాకీ పోదా?" పోవచ్చు. ఎంత పోతే మనకు నష్టమన్నది లెక్కించి చూశాం. ధర 30 నుండి 32 అయి, ఇదివరకటి సంఖ్యలోనే వస్తువులు అమ్ముడైతే అమ్మకం 3,20,000 అవుతుంది. సరుకు 1,58,000, పై ఖర్చు 1,22,500 పోగా 39,500 మిగులుతుంది. అది నూటికి 12కు పైనే. మరి మన సూత్రం పది అన్నది కదా, ఎందుకీ తేడా? సూత్రంలో 40.8 అన్న పై ఖర్చు శాతాన్ని 3,00,000 అమ్మకం మీద కట్టాం. అంటే ధర పెంచాక కొన్ని వస్తువులు తక్కువ అమ్ముడై అమ్మకం మొత్తం మూడు లక్షల వద్దనే నిలుస్తుందని సూత్రం ముందుగానే అనుకున్నది. లెక్క వేస్తే, ఇదివరకు నూరు అమ్ముడయ్యే చోట 94 అమ్ముడైనా దాదాపు పది శాతం నిలుస్తుంది. అంతకన్నా తగ్గితే నిలవదు. ఆయన చూడవలసిన గీత ఇదే. ధర మార్చిన తరువాత ఒక నెలపాటు రూపాయలను కాక బ్రెడ్ల సంఖ్యను లెక్కపెట్టాలి. రోజుకు 50 అమ్ముడయ్యేచోట 47 నిలిస్తే ధర సరైనదే.

ఈ సూత్రాన్ని వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, అన్ని వస్తువులకూ ఒకే మార్కప్ సరిపోదు. వృథా అన్నిటికీ ఒక్కటి కాదు. ఖారా బిస్కట్లు డబ్బాలో వారాల తరబడి నిలుస్తాయి. వాటి వృథా నూటికి 2 అనుకుంటే, సరుకుకు సగం దక్కే లెక్కన మార్కప్ 104 చాలు. పఫ్ ఉదయం చేసినది రాత్రికి మెత్తబడుతుంది. నూటికి 15 మిగిలిపోతే మార్కప్ 135 వేయాలి. అన్నిటికీ సగటున 117 వేస్తే బిస్కట్లను అవసరానికి మించిన ధరకు అమ్మి పక్క దుకాణానికి గిరాకీ ఇస్తాం, పఫ్‌లను మాత్రం తక్కువ ధరకు అమ్మి, అవి బాగా పోతున్నాయని మరిన్ని చేస్తాం. వస్తువు వారీగా రాత్రి మిగిలినవి వ్రాసుకుంటే రెండు వారాలలో ఈ తేడా తెలుస్తుంది.

తగ్గింపు ధరకు అమ్మినవి పూర్తి వృథా కావు, పూర్తి అమ్మకమూ కావు. నూరింటిలో 92 పూర్తి ధరకు, 5 సగం ధరకు అమ్ముడై, 3 పారవేస్తే, ఆ అయిదింటిని రెండున్నరగా లెక్కించి 94.5 అమ్ముడైనట్లు తీసుకోవాలి. అప్పుడు 0.92కు బదులు 0.945తో భాగించాలి. గడువు దాటని, బూజు తగలని బ్రెడ్డును రస్కుగా మార్చేవారు దానిని బ్రెడ్డు వృథాలోంచి తీసివేసి, సరుకు ఖర్చుకే రస్కు పద్దులో చేర్చాలి. రెండు చోట్లా మినహాయిస్తే లేని లాభం కాగితం మీద కనబడుతుంది.

రెండవది, అమ్మకం పడిపోయిన నెలలో ఈ సూత్రాన్ని యథాతథంగా వాడకూడదు. ఏ కారణంచేతనో అమ్మకం 2,70,000కు పడిందనుకోండి. పై ఖర్చు అంతే ఉంటుంది కనుక దాని శాతం 40 నుండి 44కు పైగా పెరుగుతుంది. సూత్రం ధర పెంచమంటుంది. పెంచితే గిరాకీ ఇంకా తగ్గుతుంది, శాతం ఇంకా పెరుగుతుంది. కనుక పై ఖర్చు శాతాన్ని ఒక నెల మీద కాక, కనీసం ఆరు నెలల బిల్లులనూ ఆరు నెలల అమ్మకాన్నీ కూడి తేల్చాలి. మందకొడి నెలలో వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఎంత అమ్మితే నష్టం రాదు? సరుకు పోగా అమ్మకంలో సగం చేతిలో మిగిలే దుకాణానికి 1,22,500 పై ఖర్చు తీరాలంటే నెలకు 2,45,000 అమ్మాలి. ముప్పై రోజులకు పంచితే రోజుకు సుమారు 8,200. అంతకు దిగువన వారాల తరబడి ఉంటే సమస్య ధరలో లేదు. పఫ్‌ల సంఖ్య తగ్గించడమో, రెండవ ఓవెన్ ఆపడమో, దుకాణం వేళలు మార్చడమో చేయాలి.

పన్ను గురించి ఒక మాట. పైన చెప్పిన ధరలలో జీఎస్టీ చేర్చలేదు. బిల్లులో విడిగా చూపి కొన్నవారి వద్ద వసూలు చేసే పన్ను మన అమ్మకం కాదు, దానిని 3,00,000లో కలపకూడదు. కంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు పన్నును కొనేవారి వద్ద విడిగా వసూలు చేయడానికి వీలులేదు. అమ్మకంలో ఒక శాతంగా తమ చేతినుండే కట్టాలి. అటువంటివారు నూరులోంచి పై ఖర్చును, మిగులును తీసివేసేటప్పుడు ఆ శాతాన్ని కూడా తీసివేయాలి.

ఈ లెక్కను మళ్ళీ ఎప్పుడు వేయాలని కొందరు అడుగుతారు. మైదా బస్తా ధర మారినప్పుడల్లా బ్రెడ్డు ధర మార్చనవసరం లేదు. బస్తాకు 100 రూపాయలు పెరిగితే పది కిలోలకు 20, ఒక బ్రెడ్డుకు 54 పైసలు. దానిని 0.95తో, 0.492తో భాగిస్తే అమ్మకపు ధరలో 1 రూపాయి 16 పైసలు. బస్తా ధర రెండు వందలు పెరిగి ఒక నెల నిలిచిందంటే ధర మార్చే సమయం వచ్చిందని అర్థం. అద్దె, జీతాలు మారినప్పుడు మాత్రం మొదటి నుండి వేయాలి.

ఆ బేకరీ యజమాని సంతకం పెట్టే ముందు రెండు వారాలు ఆగాడు. ఆ రెండు వారాలూ ముద్దలు కాటా మీద తూచి కోశారు. ట్రేలలో 37 రావడం మొదలైంది. తూచే పని ఎవరికి అప్పగించారో తెలిస్తే మీకు సంతోషంగా ఉంటుంది. ఆ సహాయక కుర్రవాడికే అప్పగించారు. గోడ మీద అంకె వ్రాసేదీ అతడే. ఆ తరువాతనే ఒప్పందం మీద సంతకం జరిగింది, బ్రెడ్డు ధర 32 అయింది.

మీలో ఎవరైనా ఈ లెక్క వేసుకోదలచితే మొదటి నెలకు మూడు కాగితాలు చాలు. ఒకటి నెల మొదట, చివర తూచిన నిల్వ. రెండవది రాత్రి మిగిలిన వస్తువుల సంఖ్య. మూడవది పది కిలోల మైదాకు ఎన్ని వచ్చాయన్న రోజువారీ అంకె. బిల్లులన్నీ ఒక సంచిలో వేసి ఉంచండి. ఈ మూడు కాగితాలూ లేకుండా బిల్లులొక్కటే చూస్తే ఖర్చెంతో తెలుస్తుంది గాని, డబ్బు ఎక్కడ పోతున్నదో తెలియదు.